‘రిచ్‌గా లేదు’ అంటే ఏం మార్చాలి?

(విశాఖపట్నం ద్వారకా నగర్‌లో డిజైనర్లు, ప్రకటనల రచయితలు కలుసుకున్న ఒక సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చెడకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. జగదంబ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇంకా కొందరు వస్తున్నారట. వాళ్ల కోసం ఆగితే ముందొచ్చిన మీరు నన్ను తిట్టుకుంటారు, మొదలుపెట్టేద్దాం.

ఈ సాయంత్రం నేను ఒక్క హల్వా పెట్టె గురించే మాట్లాడతాను. మాడుగుల హల్వా అమ్మే కొట్టు ఒకటి, మన ఊళ్లోనే. పేరు చెప్పను, ఎందుకంటే కథలో తప్పులు ఎక్కువగా నావే అయినా వాళ్ల ఇంటి మాటలు కొన్ని వస్తాయి. అరకిలో పెట్టె, లోపల పెట్టే చిన్న కాగితం, ఈ రెండూ మాకిచ్చిన పని. పెట్టె మా డిజైనర్ కుర్రాడు చేశాడు, కాగితం మా రచయిత్రి రాసింది. క్లయింటుతో మాట్లాడేది నేను.

మొదటి డిజైన్ వాట్సాప్‌లో పంపాం. కొట్టు యజమాని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఆ మాటలు నాకిప్పటికీ కంఠతా వచ్చు. “బాగుందండీ, కానీ కొంచెం రిచ్‌గా లేదు. ఏదో తక్కువైంది. తెలుగు కూడా ఒకసారి చూడండి. లోగో పెద్దది చేసేయండి. నాన్నగారికి కూడా చూపిస్తాను.” అంతే. మీ ఫోన్లలో కూడా ఇలాంటివి ఉండే ఉంటాయి. (నవ్వులు)

నేను చేసిన మొదటి తప్పు, ఆ మెసేజ్‌ని ఉన్నదున్నట్టు మా కుర్రాడికి ఫార్వర్డ్ చేసి కింద “రిచ్‌గా చెయ్యి” అని రాయడం. వాడికి రిచ్ అంటే పెళ్లి శుభలేఖ. ముదురు మెరూన్, బంగారు రంగు అంచులు, నీడలు, మెరుపులు వేసి నాలుగు రకాలు చేశాడు. పంపాం. “ఇవీ బాగున్నాయి కానీ, మొదటిదే నయమేమో” అని జవాబు వచ్చింది. తొమ్మిది రోజులు పోయాయి. కుర్రాడు నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. వాడి కోపం న్యాయమే. వాడికి నేనిచ్చింది సవరణ కాదు, క్లయింటు మనసులో ఉన్న టెన్షన్‌ని తీసి వాడి నెత్తిన పెట్టాను, అంతే.

అప్పుడు మొదటి డిజైన్‌నే అసలు సైజులో ప్రింటు తీసి, మడిచి, అంటించి, లోపల అరకిలో బియ్యం పోసి, కొట్టుకి వెళ్లాను. బియ్యం ఎందుకంటే ఖాళీ పెట్టె చేతిలో పట్టుకుంటే ఎవరికైనా బొమ్మలాగే ఉంటుంది. బరువు ఉంటేనే అది పెట్టె. కౌంటరు మీద పెట్టాను. యజమాని చూశాడు, వాళ్ల నాన్నగారు చూశారు, ఇద్దరూ “ఊఁ” అన్నారు. లోపల్నుంచి వాళ్ల అమ్మగారు వచ్చి, చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, “ఇదేటి బాబూ, సబ్బు పెట్టెలాగుంది?” అన్నారు. (నవ్వులు)

కొడుక్కి తల కొట్టేసినట్టయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పదిహేను రోజుల్లో నేను విన్న మొదటి పనికొచ్చే మాట అదే. “రిచ్‌గా లేదు” అన్న మాటని పట్టుకుని పెట్టెలో ఏ మూల వెతకాలో తెలీదు. “సబ్బు పెట్టెలా ఉంది” అంటే, అక్కడే నిలబడి ఎందుకలా ఉందో వెతకొచ్చు. వెతికాం. నేపథ్యం తెలుపు. దాని మీద వాలుగా పోయే లేతాకుపచ్చ పట్టీ. సన్నటి, కాస్త ఒరిగిన అక్షరాలు. అన్నిటికంటే ముఖ్యం, హల్వా ఫొటో చుట్టూ మా కుర్రాడు ఎంతో కష్టపడి వేసిన నెయ్యి చుక్కలు. తెల్లటి నేపథ్యం మీద అవి నెయ్యిలా లేవు, నీటి చుక్కల్లా ఉన్నాయి. స్నానానికి రమ్మన్నట్టుంది.

అప్పట్నుంచి నేను “మీకెలా కావాలి?” అని ముందు అడగడం మానేశాను. ఎలా కావాలో చెప్పడానికి మన భాష కావాలి, అది వాళ్లకి ఉండదు, ఉండాల్సిన పని కూడా లేదు. “ఇది దేనిలా ఉంది?” అని అడుగుతాను. దానికి జవాబు అందరి దగ్గరా ఉంటుంది. ఎందుకంటే ప్రతి మనిషి బుర్రలోనూ వెయ్యి పెట్టెలు, వెయ్యి బోర్డులు, వెయ్యి కరపత్రాలు ఉంటాయి. ఒక క్లయింటు తన కరపత్రం గురించి “ట్యూషన్ సెంటరు వాళ్లది లాగుంది” అన్నాడు. ఇంకొకాయన తన వెబ్‌సైట్‌ని “కరెంటు బిల్లులాగుంది” అన్నాడు. ఈ మాటలు వినగానే ఏది తియ్యాలో మీకు సగం తెలిసిపోతుంది.

రెండో ప్రశ్న, “ఇది చివరికి ఎవరి చేతికి వెళ్తుంది?” దీనికి నాన్నగారు జవాబు చెప్పారు. వాళ్ల కొట్లో అరకిలో పెట్టెలు కొనేవాళ్లు చాలామంది ఇంట్లో తినడానికి కొనరట, సారెతో పంపడానికో, చుట్టాలింటికి పట్టుకెళ్లడానికో కొంటారట. “వియ్యాలవారింట్లో బల్ల మీద పెడితే చవగ్గా కనిపించకూడదు బాబూ” అన్నారు. అంటూ బొటనవేలితో మూత మధ్యలో నొక్కారు. మూత లోపలికి వంగింది. అప్పుడర్థమైంది. ఆయన దృష్టిలో ‘రిచ్’ అనేదాంట్లో సగం రంగుల గొడవే కాదు, అట్ట గొడవ. మేం డమ్మీ 250 జీఎస్ఎం అట్టతో, అంటే చదరపు మీటరుకి 250 గ్రాములు తూగే అట్టతో చేశాం. దాని మీద బంగారు రేకు అతికించినా బొటనవేలికి అది పల్చటి అట్టే. కానీ ఆయన ఆ సంగతి “రిచ్‌గా లేదు” అనే చెప్పగలరు, ఎందుకంటే జీఎస్ఎం అనేది మన మాట.

కొట్టు నుంచి వచ్చాక మా కుర్రాడికి రాసిన కాగితంలో మొదటి రెండు అంశాలు చదువుతాను. “మూత: తెల్లటి నేపథ్యం, వాలు పట్టీ, నీటి చుక్కల్లా కనిపిస్తున్న నెయ్యి చుక్కలు కలిసి సబ్బు పెట్టెను గుర్తుచేస్తున్నాయి. చుక్కలు, పట్టీ తీసేయాలి. నేపథ్యం హల్వా రంగుకు దగ్గరగా రావాలి, ఏ రంగన్నది నీ ఇష్టం. సరిచూసే పద్ధతి: డమ్మీని నాలుగు మిఠాయి పెట్టెలు, నాలుగు సబ్బు పెట్టెల మధ్య పెట్టి, ఇది ఏ గుంపులోదని అమ్మగారిని అడగాలి.” రెండోది: “అట్ట: మూత మధ్యలో వేలితో నొక్కితే వంగుతోంది. 350 జీఎస్ఎంతో ఇంకో డమ్మీ చేయించాలి. పెట్టెకి ఎంత ఖర్చు పెరుగుతుందో ప్రెస్సును అడిగి క్లయింటుకి చెప్పాలి. సరిచూసేది నాన్నగారి బొటనవేలు.”

ఇందులో చూడండి, ఎక్కడ అన్నది ఉంది. ఇప్పుడేం కనిపిస్తోందో, దానివల్ల చూసేవాడికి ఏమనిపిస్తోందో ఉంది. మార్పు జరిగిందని ఎలా తెలుస్తుందో ఉంది. ఏ రంగు వెయ్యాలో మాత్రం లేదు. రంగు కోడ్ కూడా నేనే రాసిచ్చేస్తే ఇంక డిజైనర్ ఎందుకు? సరిచూసే పద్ధతి రాయడం చాలామందికి చాదస్తంగా అనిపిస్తుంది. కానీ అది రాయలేకపోతున్నామంటే ఆ అంశం మనకింకా అర్థం కాలేదన్నమాటే. “ఇంకాస్త ఆకర్షణీయంగా చెయ్యాలి” అని రాశారనుకోండి, చేశాక ఎలా కొలుస్తారు?

ఇప్పుడు లోగో. “లోగో పెద్దది చెయ్యండి” అన్న మాట మీద మనవాళ్లు ఎన్ని జోకులు వేసుకుంటారో నాకు తెలుసు. నేనూ వేశాను. నిజానికి అది జోకు కాదు, అది క్లయింటు తనకు తోచిన మందు చెప్పడం. జబ్బేంటో చెప్పలేదు, అంతే. అందుకని “సరే, పెద్దది చేశాం అనుకోండి, అప్పుడు ఏం బాగవుతుంది?” అని అడిగాను. “మా పేరు కనిపించట్లేదండీ” అన్నాడు. ఎక్కడ నిలబడి చూస్తే కనిపించట్లేదని అడిగితే, నన్ను కౌంటరు బయటికి తీసుకెళ్లి చూపించాడు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బయట నిలబడినవాడికి మూత కనిపించదు. పక్క అంచు మాత్రమే కనిపిస్తుంది. మేం పేరు మూత మీద వేశాం, పక్కన ఒక డిజైన్ అంచు వేశాం. లోగోని మూత నిండా వేసినా ఆయన బాధ తీరేది కాదు. రాసిన అంశం ఇది: “పేరు నాలుగు పక్కలా రావాలి. పది పెట్టెలు పేర్చి, కౌంటరు బయట నుంచి ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చదవగలగాలి. మూత మీది లోగో సైజు మార్చొద్దు.”

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఏది మార్చకూడదో కూడా రాయండి. లేకపోతే ఒకటి సర్దేటప్పుడు బాగున్నది ఇంకొకటి కదిలిపోతుంది. పెట్టె వెనక భాగం గురించి కూడా ఆయన “గజిబిజిగా ఉంది, క్లీన్ చెయ్యండి” అన్నాడు. శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క గుర్తు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, తేదీలు, పదార్థాల జాబితా, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. మా కుర్రాడు ఉత్సాహంలో ఏదో ఒకటి ఎగరగొడితే పెట్టెలన్నీ గోడౌన్‌లో కూర్చుంటాయి. అందుకే “వీటిలో ఏదీ తీయొద్దు, రెండోసారి వచ్చిన ఫోన్ నంబరు, స్లోగన్ తీసేయి” అని విడిగా రాశాను.

“తెలుగు ఒకసారి చూడండి” అన్న మాటకి నాకు మూడు అర్థాలు తోచాయి. అక్షరాలు విరిగి ఉండొచ్చు. మనకి ఇది కొత్త కాదు, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో కంపోజరు సెట్టింగు సరిగ్గా లేకపోతే ఒత్తులు కిందికి రాకుండా పక్కన కూర్చుంటాయి. పాత ఫాంటుతో టైపు చేసింది యూనికోడ్‌లోకి తెస్తే ఇంకా ఘోరం. లేదా ఫాంటు నచ్చకపోయి ఉండొచ్చు. లేదా భాషే నచ్చకపోయి ఉండొచ్చు. నేను ఊహించలేదు. కాగితం మీద ప్రింటు ఇచ్చి, ఎర్ర పెన్ను ఇచ్చి, “చదవండి, ఎక్కడ ఆగితే అక్కడ సున్నా చుట్టండి, కారణం చెప్పక్కర్లేదు” అన్నాను. నాన్నగారు రెండు సున్నాలు చుట్టారు.

మొదటిది “శ్రేష్ఠమైన” అన్న మాట చుట్టూ. ష కింద ఠ ఒత్తు దిగి, కింద లైనులో ఉన్న గుడి మీద కూర్చుంది. ఆ రెండూ కలిసి ఏదో మూడో అక్షరంలా కనిపిస్తున్నాయి. కారణం, లైన్ల మధ్య ఎడం ఇంగ్లిషుకి వదిలేసినట్టే వదిలేశాం. సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇచ్చేది సాధారణంగా అక్షరం సైజుకి 120 శాతం. మన లిపికి పైన గుణింతం, కింద ఒత్తు, రెండువైపులా చోటు కావాలి. ఆ ఫాంటుకి 150 దాకా పెంచితే గాని ఊపిరాడలేదు. ఇది డిజైనర్‌కి వెళ్లే అంశం.

రెండో సున్నా “మధురానుభూతుల సమాహారం” చుట్టూ. “దీనికేమైంది సార్?” అంటే, “మా ఇంట్లో ఎవరూ ఇలా మాట్లాడరమ్మా” అని మా రచయిత్రితో నేరుగా అన్నారు. ఆమె నా పక్కనే ఉంది, ముఖం ఎర్రబడింది. కానీ ఇది రచయితకి వెళ్లే అంశమని అప్పుడే తేలింది. ఒకే వాక్యంగా వచ్చిన ఫిర్యాదు ఇద్దరు మనుషులకి చెందిన రెండు పనులు. దాన్ని విడదీయకుండా పంపితే డిజైనర్ ఫాంటు మారుస్తాడు, రచయిత్రి ఇంకో గంభీరమైన సమాసం వెతుకుతుంది.

రచన మీద అభిప్రాయాన్ని పట్టుకోవడం డిజైన్ కంటే కష్టం. డిజైన్‌లో వేలు పెట్టి చూపించొచ్చు. రాతలో “ఫీల్ రావట్లేదు” అంటారు, వేలు ఎక్కడ పెట్టాలి? మా రచయిత్రి ఒక తెలివైన పని చేసింది. సాయంత్రం రద్దీ వేళ గంటసేపు కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, కొనేవాళ్లు అడిగిన ప్రశ్నలు రాసుకుంది. “నెయ్యేనా, డాల్డానా?” “ఎన్నాళ్లుంటుంది?” “ఫ్రిజ్‌లో పెట్టాలా?” “అమెరికా పంపొచ్చా?” మేం రాసిన కాగితంలో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మొదటి వాక్యం ఇలా ఉండేది: “తరతరాల సంప్రదాయానికి ప్రతీకగా, నాణ్యతకు మారుపేరుగా, మీ ముంగిట మధురానుభూతుల సమాహారం.” దీన్ని చీరల కొట్టుకి పెట్టినా సరిపోతుంది. అప్పుడు సవరణ అంశం తేలిగ్గా వచ్చింది: “మొదటి మూడు వాక్యాల్లో కొనేవాళ్ల మొదటి మూడు ప్రశ్నలకు జవాబుండాలి. నాన్నగారు నోటితో అనలేని మాట ఒక్కటీ ఉండకూడదు. సరిచూసేది: ఆయన చేత పైకి చదివించాలి, తడబడిన చోట మళ్లీ రాయాలి.” కొత్త కాగితం “గోధుమ పాలు, నెయ్యి, పంచదార, జీడిపప్పు” అని మొదలైంది. “చల్లబడి గట్టిపడితే కంగారు పడకండి, అది నెయ్యి పేరుకోవడం, కాస్త వెచ్చచేస్తే మెత్తబడుతుంది” అన్న వాక్యం నాన్నగారు చెప్పిందే, ఆమె దాదాపు మార్చలేదు.

ఈ అంశాలన్నీ రాశాక మా వాళ్లకి ఇచ్చే ముందు క్లయింటుకి తిరిగి పంపాను. “మీరన్నది ఇది, మాకర్థమైంది ఇది, చేయబోయేది ఇది” అని. ఇది పంపకపోతే ఒక పొరపాటు అలాగే ఉండిపోయేది. వియ్యాలవారి మాట విని నేను “బహుమతి పెట్టెలా రిబ్బను కట్టే చోటుండాలి” అని సొంత కవిత్వం జోడించాను. యజమాని వెంటనే “రిబ్బనెవరు కడతారండీ, పండగ రోజుల్లో ఊపిరి తీసుకోడానికే టైముండదు” అని కొట్టేశాడు. మనం విన్నదాంట్లో మన ఊహ ఎంత కలిసిందో తిరిగి పంపితే గాని తెలీదు.

ఒకే ఇంట్లోంచి రెండు ఎదురెదురు మాటలు వస్తే? వచ్చాయి. నాన్నగారు మూత మీద సింహాచలం అప్పన్న బొమ్మ ఉండాలన్నారు. కొడుకు వద్దన్నాడు, నాకు విడిగా ఫోన్ చేసి “మీరే ఏదో ఒకటి చెప్పి ఒప్పించండి” అన్నాడు. నేను ఒప్పించే పని పెట్టుకోలేదు. రెండు అభిప్రాయాలూ పక్కపక్కన రాసి, ఒకే మెసేజ్‌లో ఇద్దరికీ పంపి, “ప్రెస్సుకి పంపమని చెప్పేది మీలో ఎవరు?” అని అడిగాను. ఈ ప్రశ్న మొదటి రోజే అడగాల్సింది. రాత్రికి అమ్మగారే తేల్చారట, “తిన్నాక పెట్టె చెత్తబుట్టలో పడేస్తారు, దేవుడి బొమ్మ ఎలా వేస్తారురా?” అని.

ఇక మిగిలింది “ఏదో తక్కువైంది.” దీన్ని నేను మార్చలేకపోయాను. ఎక్కడ అంటే చోటు చెప్పలేదు. దేనిలా ఉందంటే “ఇప్పుడు బాగానే ఉంది” అంటాడు. కానీ ప్రతి డమ్మీకీ చివర్లో అదే మాట. మూడోసారి విన్నాక డిజైన్ ఫైలు మూసేసి, “ఇవాళ ప్రెస్సుకి పంపేద్దామా?” అని అడిగాను. నసిగాడు. ఎంఆర్‌పీ చోటు ఇంకా ఖాళీగానే ఉందని అప్పుడు గమనించాను. నెయ్యి రేటు పెరిగింది, అరకిలో ధర పెంచాలా వద్దా అన్నది ఇంట్లో తేలలేదు. ఆ మథనంలో ఏ పెట్టె చూసినా ఆయనకి ఏదో తక్కువగానే కనిపిస్తుంది. నేను అంశాల కాగితంలో “ఆగింది: ధర తేలాలి. డిజైన్‌లో మార్పు లేదు” అని రాసి తేదీ వేశాను. చోటు లేని ఫిర్యాదు ఏం మార్చినా అలాగే తిరిగొస్తుంటే, కారణం మన ఫైలు బయట ఎక్కడో ఉంటుంది.

ఇంకో మాట, త్వరగా చెప్పేస్తాను. “రంగు డల్‌గా ఉంది”, “అక్షరాలు కనిపించట్లేదు” అంటే ముందు దేని మీద చూశారో అడగండి. స్క్రీను వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో చూపిస్తుంది. స్క్రీను మీది బంగారు రంగు కాగితం మీద పసుపూ గోధుమా మధ్య ఎక్కడో తేలుతుంది, అసలు మెరుపు కావాలంటే ఫాయిల్ వేయించాల్సిందే. వెబ్ పేజీ అయితే వాదన అక్కర్లేదు, కొలవొచ్చు. మామూలు సైజు అక్షరాలకి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్టు కనీసం 4.5:1 ఉండాలని ప్రమాణం ఉంది. కొలిచి అంకె రాసేయండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: సార్, మా క్లయింట్లు కలవరు. అంతా వాట్సాపే. వాళ్ల దగ్గరికి పెట్టె పట్టుకెళ్లే అవకాశం ఎక్కడిది?)

నిజమే. అప్పుడు డిజైన్ మీద భాగాలకి 1, 2, 3 అని అంకెలు వేసి పంపండి. “మీరన్న మాట ఏ అంకె దగ్గర?” అని అడగండి. అంకె టైపు చేయడం ఎవరికైనా సులువు. అదీ రాకపోతే మీరే రెండు ఊహలు చెప్పి ఎంచుకోమనండి. “రిచ్ అంటే బరువైన రంగులా, లేక ఖాళీ చోటు ఎక్కువా?” రెండూ కాదన్నా మీకు లాభమే, మూడోది చెప్పక తప్పదు. బొమ్మ మాత్రం మామూలు ఫొటోగా పంపకండి, డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కేసి చిన్నది చేస్తుంది, చిన్న అక్షరాలు మసకబారతాయి, ఆ మసకని మీ తప్పు కింద లెక్కేస్తారు.

(ఇంకొకరు: మధ్యలో కొత్తవి అడిగితే? దాన్నీ సవరణే అంటారు.)

మాకూ అయింది. “అదే పెట్టెలో కాజాకి ఒక అర పెట్టేయండి” అన్నాడు. అర పెడితే కోత అచ్చు మారుతుంది, కొలతలు మారతాయి, వెనక పదార్థాల జాబితా మారుతుంది. అందుకే అంశాల కాగితం కింద ఒక గీత గీస్తాను. గీత పైన ఉన్నవి ఒప్పుకున్న పెట్టెను సరిచేసేవి, కింద ఉన్నవి వేరే పెట్టెవి. ధర గీత కిందవాటికి రాస్తాను. కాజా ఇప్పటికీ గీత కిందే ఉంది.

(వెనక నుంచి ఒకరు: చివరికి అమ్మగారు ఒప్పుకున్నారా?)

కొత్త డమ్మీ పట్టుకెళ్లాను. సబ్బు పెట్టెల పక్కన పెట్టాం, మిఠాయి పెట్టెల పక్కన పెట్టాం. “ఇప్పుడు హల్వా పెట్టెలాగే ఉంది” అన్నారు. అని మూత తియ్యబోయారు. అట్ట మందమైంది కదా, బిగుసుకుపోయింది, గోరు దూరట్లేదు. “బానే ఉంది గాని, తినడానికెలాగ?” అన్నారు. (నవ్వులు) ఆ రాత్రే కాగితంలో ఇంకో అంశం చేరింది: “ముందు అంచు మధ్యలో బొటనవేలు పట్టేంత అర్ధచంద్రాకారపు కోత. సరిచూసేది: అమ్మగారు ఒంటిచేత్తో తెరవగలగాలి.”